సీసా ఎక్కడ పగిలిందో చూశారా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. 3 ఏళ్లుగా నేనూ మా అత్తయ్యగారూ కలిసి ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పచ్చళ్లు పెట్టి, అరకిలో గాజు సీసాల్లో నింపి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై పంపుతున్నాం. ఒక్కో సీసాకు రెండు చుట్లు బబుల్ షీట్ చుట్టి, కిరాణా కొట్లో తెచ్చిన అట్టపెట్టెలో రెండేసి పెట్టి, ఖాళీల్లో న్యూస్‌పేపరు ఉండలు కూరి, పైన ‘గాజు, జాగ్రత్త’ అని ఎర్ర స్టిక్కరు అంటిస్తాను. అయినా పోయిన నెల 40 పార్శిళ్లలో 7 పాడయ్యాయి. కొన్నిటిలో సీసాలు పగిలాయి, కొన్నిటిలో సీసా బాగానే ఉన్నా నూనె కారి పెట్టె తడిసిపోయింది. మళ్లీ పంపాలంటే పచ్చడి, సీసాలు, కొరియర్ కలిపి ఒక్కోదానికి 600 రూపాయలు చేతి నుంచి పడుతోంది. కొరియర్ ఆఫీసులో గాజుకు బాధ్యత లేదంటున్నారు. ఒకావిడ ఫోన్ చేసి, పగిలిన చోట గాజు తీసేసి మిగిలిన పచ్చడి వాడుకోవచ్చా అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. మావారు గాజు మానేసి ప్లాస్టిక్ డబ్బాల్లో పంపమంటున్నారు. పచ్చడి ప్లాస్టిక్‌లో పెడితే మన పేరు పోతుందని అత్తయ్యగారు. నన్నేం చేయమంటారు?

*(పేరు ప్రచురించవద్దన్నారు)*

సమాధానం: ముందుగా ఆ ఫోన్ చేసిన ఆవిడకు ఈ రోజే జవాబు చెప్పండి. పచ్చడి మొత్తం పారేయమనండి, ఒక్క చెంచా కూడా వాడవద్దనండి. నూనెలో తడిసిన గాజు పలుకు ఆవపిండికీ కారానికీ మధ్య కంటికి కనిపించదు, వేలికి తగిలేలోపు ముద్దలో కలిసిపోతుంది. సీసా విడిపోకుండా సన్నని గీత మాత్రమే పడినా ఇదే మాట వర్తిస్తుంది, ఎందుకంటే ఆ గీత లోపలి వైపు నుంచి రాలిన రజను పచ్చడిలోనే ఉంటుంది. పగిలిన సీసా ఫొటో ఒకటి తీసి పంపమని, పచ్చడి తిరిగి పంపనక్కరలేదని చెప్పి, డబ్బు వాపసో కొత్త సీసానో ఇచ్చేయండి. ఈ ఒక్క విషయంలో మీకు రెండో మార్గం లేదు. మిగిలిన వాటిలో ఉంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించినది, పగిలిన వాటినీ కారిన వాటినీ మీరు ఒకే లెక్కలో కలిపి 7 అని చెప్పడం. అవి రెండూ వేరు వేరు జబ్బులు. సీసా పగలకుండా ఎన్ని చుట్లు బబుల్ షీట్ చుట్టినా కారే మూత కారుతూనే ఉంటుంది, మూత ఎంత గట్టిగా బిగించినా అడుగున మెత్త లేని సీసా పగులుతూనే ఉంటుంది. కాబట్టి కొత్త సరుకు కొనడానికి ముందు ఆ 7 పార్శిళ్ల ఫొటోలను, మీ ఫోన్లో ఇంకా ఉంటే, ఒక గంట కూర్చుని చూడండి. పాడైన పెట్టె తనకేం జరిగిందో దాదాపు ఎప్పుడూ చెబుతుంది.

సీసా అడుగు అంచు చుట్టూ విరిగి, అడుగు పళ్లెంలా విడిపోయి ఉంటే పెట్టె అడుగున మెత్త చాలలేదన్న మాట. రెండు సీసాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్న పక్కలోనే పగిలి ఉంటే, అవి లోపల ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. గాజుకు గాజు తగలడం కన్నా చెడ్డ దెబ్బ మరొకటి లేదు. మెడ దగ్గర విరిగి, మూత సొట్టపోయి ఉంటే పైనుంచి బరువు పడింది, లేదా పెట్టె తలకిందులుగా పడింది. ఇక పెట్టె వైపు చూడండి. పెట్టె మూలలు చెక్కుచెదరకుండా ఉండి లోపల సీసా పగిలిందంటే తప్పు లోపలి ఖాళీది. మూల లోపలికి చొట్టపోయి ఉంటే తప్పు పెట్టెది. సీసా నిక్షేపంగా ఉండి నూనె మాత్రమే కారి ఉంటే అది పూర్తిగా మూత సంగతి, ప్యాకింగుతో దానికి సంబంధం లేదు.

నూనె కారడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దీన్ని ఖర్చు లేకుండా సరిచేయవచ్చు.

ఇంటి పచ్చళ్లవారు చాలామంది సీసాను అంచుదాకా నింపుతారు, కొనేవారికి తక్కువ ఇచ్చామని అనిపించకూడదన్న మంచి ఉద్దేశంతోనే. అయితే మధ్యాహ్నం ఎండలో నిలిచిన కొరియర్ వ్యాను లోపల సరుకు వేడెక్కుతుంది, వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుంది. సీసాలో ఉన్న పావు లీటరు నూనె 25 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక టీస్పూను పెరుగుతుంది. పైన ఖాళీ లేకపోతే ఆ టీస్పూను నూనె వెళ్లడానికి ఉన్న దారి మూత ఒక్కటే. అందుకని ముక్కలను చెంచాతో అదిమి, వాటి మీద నూనె వేలి మందాన తేలేలా చూసి, ఆ నూనెకూ మూతకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ వదలండి. ముక్క నూనెలో మునిగే ఉంటుంది కాబట్టి బూజు భయం లేదు. తూకం తగ్గిపోతుందనిపిస్తే కాస్త పెద్ద సీసా తీసుకోండి, అదే తూకం పోయండి.

రెండోది సీసా అంచు. పచ్చడి పోసేటప్పుడు గరిటె అంచుకు తగిలి నూనె, కారం పొర అంటుకుంటుంది. తిప్పి బిగించే రేకు మూత లోపల చుట్టూ ఉండే మెత్తని రబ్బరు లాంటి పట్టీ శుభ్రమైన, పొడి గాజు మీదే సరిగా అతుక్కుంటుంది. మధ్యలో ఒక్క ఆవగింజ పొట్టు ఉన్నా అక్కడ సందు ఏర్పడుతుంది. ఉతికి ఆరిన నూలుగుడ్డతో అంచునూ దాని కింది మరలనూ తుడిచి, తర్వాతే మూత పెట్టండి. కొంతమంది మూత కింద ప్లాస్టిక్ కవరు ముక్క వేసి బిగిస్తారు, మీ ఇంట్లోనూ ఆ అలవాటు ఉంటే మానేయండి. ఆ కవరుకు పడే ప్రతి ముడతా నూనెకు ఒక కాలువ అవుతుంది. మూత చుట్టూ వేసే టేపు కూడా కారడాన్ని ఆపదు, నూనె తగిలితే దాని జిగురు గంటల్లోనే జారిపోతుంది. పైన వేసే ష్రింక్ పట్టీ సీసాను దారిలో ఎవరూ తెరవలేదని చూపడానికి పనికొస్తుందే తప్ప నూనెను ఆపడానికి కాదు.

మూడోది పచ్చడి వయసు. ఆవకాయ కలిపిన మూడో రోజున తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె సరిపెట్టిన తర్వాత కూడా కొన్నాళ్లు ఊట ఊరుతూ, చిన్న చిన్న బుడగలు పైకి వస్తూ ఉంటాయి. ఆ దశలో సీసాకెత్తి బిగిస్తే లోపల గాలి ఒత్తిడి పెరిగి నూనెను మూత వైపు నెడుతుంది. ఈ సంగతి మీ అత్తయ్యగారికి నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. జాడీలో బుడగలు ఆగి, నూనె తేటగా పైకి తేలిందని ఆవిడ చెప్పిన తర్వాతే సీసాలకు ఎత్తండి. ఆర్డరు ఇచ్చినవారికి 4 రోజులు ఆలస్యమవుతుందని చెప్పడం, కారిన పెట్టె అందించడం కంటే ఎంతో మేలు.

మీ మూతలు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒక్కో రకం సీసావి 6 తీసుకుని, ఉత్త నూనె పోసి, పైన చెప్పినట్టు అంచు తుడిచి బిగించి, న్యూస్‌పేపరు మీద తలకిందులుగా రాత్రంతా ఉంచండి. మర్నాడు మధ్యాహ్నం అలాగే ఎండలో రెండు గంటలు పెట్టండి. కాగితం మీద నూనె మరక పడితే ఆ రకం మూతలు పనికిరావు. ఒకసారి వాడిన మూతలను మళ్లీ వాడుతుంటే మరక తప్పకుండా పడుతుంది, ఎందుకంటే పట్టీ మీద పాత సీసా అంచు గాడి అప్పటికే పడిపోయి ఉంటుంది.

ఇంత చేసినా ప్రతి సీసానూ ఒక మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, సంచి మూతిని వేడి సీలింగు మిషనుతో అతికించండి. ఇది కారకుండా ఆపడానికి కాదు. ఒక సీసాకు ఏమైనా అయితే ఆ నూనె పెట్టె అట్టను తడిపి మెత్తబరిచి, రెండో సీసానూ పక్కవారి పార్శిలునూ పాడుచేయకుండా ఉండడానికి. పగిలిన గాజు కూడా ఆ సంచిలోనే ఉండిపోతుంది, విప్పేవారి చేయి తెగదు.

ఇప్పుడు పగలడం సంగతి. మీ మనసులో కొరియర్ కుర్రాళ్లు విసిరేస్తున్నారన్న బాధ ఉండవచ్చు. విసరకపోయినా పెట్టె పడుతుంది. మీ పార్శిలు దారిలో చాలా చేతులు మారుతుంది. చిన్న పార్శిళ్లను తరచుగా పెద్ద గోతాల్లో కలిపి కట్టి లారీ ఎక్కిస్తారు. గోతాంలోకి వెళ్లిన పెట్టె మీద ఏ రంగు స్టిక్కరు ఉన్నా చూసేవారు ఉండరు. స్టిక్కరు అంటించడం మానవద్దు, చివర ఇంటికి తెచ్చి ఇచ్చే మనిషికి అది పనికొస్తుంది. కానీ స్టిక్కరును నమ్ముకుని ప్యాక్ చేయకూడదు. మీ పెట్టె నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడుతుందని, అదీ మూల మీద పడుతుందని అనుకునే ప్యాక్ చేయాలి.

అలా పడినప్పుడు సీసాను కాపాడేది ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. పచ్చడితో కలిపి మీ సీసా బరువు సుమారు 800 గ్రాములు ఉంటుంది. అది 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి ఎంత దూరంలో ఆగింది అన్నదే అసలు ప్రశ్న. చిన్న బుడగల షీటు రెండు చుట్లు ఆ బరువు కింద నలిగితే దొరికేది అర సెంటీమీటరు. 75ని అరతో భాగిస్తే 150, అంటే ఆ క్షణంలో సీసా తన బరువుకు 150 రెట్లు, దాదాపు 120 కిలోల దెబ్బ తింటుంది. అదే మెత్త రెండున్నర సెంటీమీటర్ల దూరం నలిగే వీలుంటే దెబ్బ 30 రెట్లకు, అంటే 24 కిలోలకు దిగుతుంది. ఇది సగటు లెక్క, అసలు దెబ్బ ఒక్క క్షణం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయినా తేడా ఎక్కడుందో కనిపిస్తోంది కదా. సీసాను ఎంత బిగించి చుట్టామన్నది కాదు, ఆగడానికి ఎంత చోటిచ్చామన్నది ముఖ్యం. రెండున్నర సెంటీమీటర్లు నలగాలంటే మెత్త 4 నుంచి 5 సెంటీమీటర్ల మందం ఉండాలి, అదీ ఆరు వైపులా.

మీరు కూరే న్యూస్‌పేపరు ఉండలు ప్యాక్ చేసిన రోజున ఆ మందం ఇస్తాయి. లారీలో రాత్రంతా కుదుపులకు అవి అణిగి, పెట్టె అడుగుకు జారి, పైన ఖాళీ వదులుతాయి. మీరు పంపేటప్పుడు కదలని పెట్టె బెంగళూరులో ఊపితే గలగలలాడుతుంది. దాని బదులు, ఒక వైపు నునుపుగా, మరో వైపు ముడతలుగా ఉండే అట్ట చుట్ట దొరుకుతుంది, ప్యాకింగు సామాను కొట్లో కారుగేటెడ్ రోల్ అంటే ఇస్తారు. దాన్ని వేలెడు మందం చుట్టలుగా చుట్టి పక్కలకు నిలబెడితే అణగదు. అడుగుకూ పైకీ తెల్లని ఈపీఈ ఫోమ్ షీటు వేయండి, కొత్త టీవీల పెట్టెల్లో వచ్చే మెత్తని షీటు అదే. థర్మోకోల్ కూడా దెబ్బ ఆపుతుంది కానీ ఒకసారి నలిగిన చోట మళ్లీ లేవదు, మీ పార్శిలుకు తగిలే దెబ్బ ఒక్కటే కాదు కదా. మన వైపు మామిడిపళ్ల బుట్టల్లో వేసే వరిగడ్డి మంచి మెత్తే, కానీ వానాకాలంలో చెమ్మ పట్టి, పురుగు చేరి, తినే సరుకు పక్కన ఉండదగినది కాదు.

బబుల్ షీట్ పెద్ద బుడగలది తీసుకోండి. చిన్న బుడగలు గీతలు పడకుండా చూడటానికే తప్ప 800 గ్రాముల బరువును మోయలేవు. సీసాకూ సీసాకూ మధ్య అట్ట అడ్డు తప్పనిసరి. రెండు సీసాలకూ విడివిడిగా షీటు చుట్టాం కదా అని ఆనించి పెడితే, రెండు బరువులూ కలిసి ఆ బుడగలను పగలగొట్టి చివరకు గాజూ గాజూ తగులుతాయి.

పెట్టె విషయంలో కిరాణా కొట్టు పెట్టెలను వదులుకోండి. సబ్బుల పెట్టె, బిస్కెట్ల పెట్టె సగం బలం లోపల నిండుగా ఉన్న సరుకు వల్ల వచ్చినదే, ఖాళీ అయ్యాక మూలలు మెత్తబడి ఉంటాయి. దానికి తోడు మీది గోదావరి గాలి, వానాకాలంలో అట్ట చెమ్మ పీల్చి బలం ఇంకా తగ్గుతుంది. మీ కొలతకు 5 ప్లై, అంటే ఐదు పొరల అట్ట పెట్టెలు చేయించుకుని, వంటింటి ఆవిరికి దూరంగా, నేలకు తాకకుండా పేర్చుకోండి. టేపు నడిమి సందు మీద ఒక్కటే కాకుండా రెండు చివరల అంచుల మీద కూడా, పైనా కిందా వేయాలి. పెట్టె మూల మీద పడినప్పుడు ముందు విచ్చుకునేది ఆ చివరల దగ్గరే.

కొలత గురించి కొంచెం ఓపికగా చదవండి, మీ డబ్బంతా ఇక్కడే ఉంది. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ వచ్చిన కిలోలూ అసలు తూకమూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి, అదీ పై అరకిలోకు సర్ది. మీ కొరియర్ ఏ అంకెతో భాగిస్తుందో అడిగి తెలుసుకోండి, అన్నీ ఒకేలా ఉండవు. మీ సీసా వ్యాసం 8.5, ఎత్తు 12.5 సెంటీమీటర్లు అనుకుని, అట్టతో కలిపి అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త పెడదాం.

ఒక్క సీసా పెట్టెకు కొలత 18.5, 18.5, 22.5 వస్తుంది. లెక్క 1.54 కిలోలు, కాబట్టి మీరు కట్టేది 2 కిలోలకు. కిలో పైచిలుకు బరువున్న దానికి 2 కిలోల డబ్బు. రెండు సీసాలకు నడిమి అడ్డుతో కలిపి పొడవు 28.5 అవుతుంది, లెక్క 2.37, కట్టేది రెండున్నర కిలోలకు. నాలుగు సీసాలు రెండేసి వరుసలుగా పెడితే 28.5, 28.5, 22.5, లెక్క 3.66. అసలు తూకం కూడా ప్యాకింగుతో కలిపి 3.8 దాకా వస్తుంది కాబట్టి రెండింటికీ సరిపోయి 4 కిలోలకే కడతారు. అంటే ఒక్కో సీసాకు పడే కొరియర్ బరువు 2 కిలోల నుంచి ఒకటింబావుకు, అక్కడి నుంచి ఒక్క కిలోకు దిగింది. గాలికి కట్టే డబ్బు లేకుండా గాజును క్షేమంగా పంపగల పెట్టె మీకు నాలుగు సీసాలది. రెండు సీసాల పెట్టె చేయించేటప్పుడు కూడా ఒక్కో వైపు ఒక సెంటీమీటరు పెరిగితే లెక్క రెండున్నర దాటి 3 కిలోల డబ్బు పడుతుందని గుర్తుంచుకోండి.

ఈ పెట్టె, ఫోమ్, అడ్డు అట్టలు కొనాలంటే ఖర్చని వెనకాడతారేమో. మీరిచ్చిన లెక్క ప్రకారమే పోయిన నెల నష్టం 4,200 రూపాయలు. 40 పార్శిళ్ల మీద పంచితే ఒక్కో పార్శిలుకు 105 రూపాయలు మీరు ఇప్పటికే ప్యాకింగు మీద కాకుండా పగులు మీద ఖర్చు పెడుతున్నారు. నష్టం ఏడు నుంచి ఒకటికి దిగితే ఒక్కో పార్శిలుకు 90 రూపాయలు మిగులుతాయి. పెట్టె పెద్దదైనందుకు పెరిగే కొరియర్ డబ్బుతో సహా అదనపు ఖర్చు ఆ 90 లోపల ఉన్నంతవరకు మీరు లాభంలోనే ఉన్నట్టు. దాటితే మాత్రం గాజు మీకు గిట్టదు, అప్పుడు మీవారి మాట గురించి ఆలోచించాలి.

అయితే పెట్టెలు వందల్లో చేయించే ముందు ఒక్కటి చేయించి పడేసి చూడండి. సీసాల్లో పచ్చడికి బదులు అంతే బరువు వచ్చేలా తడి ఇసుక నింపి, మీరు పంపే విధంగానే ప్యాక్ చేసి, నడుమెత్తు నుంచి సిమెంటు గచ్చు మీద 10 సార్లు వదలండి. ప్యాకింగు పరీక్షలకు ప్రమాణాలు పెట్టే ఇస్టా అనే అంతర్జాతీయ సంస్థ చిన్న పార్శిళ్లకు చెప్పే వరుస ఇదే. మొదట ఒక మూల మీద, తర్వాత ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద, చివరికి ఆరు ముఖాల మీద. మొదటి మూలకు పెట్టె అట్టను అతికించిన కీలు ఉన్న అడుగు మూలను ఎంచుకోండి, అన్నిటికంటే బలహీనమైనది అదే. పదీ అయ్యాక చెవి దగ్గర పెట్టి ఊపండి. కదలిక వినిపిస్తే సీసా పగలకపోయినా ఆ ప్యాకింగు ఇంకా సిద్ధం కాలేదు. విప్పినప్పుడు ఏ వైపు మెత్త ఎక్కువ నలిగిందో చూసి అక్కడ మందం పెంచండి. పరీక్షకు వాడిన సీసాలు పైకి బాగానే ఉన్నా మళ్లీ పచ్చడికి వాడకండి.

నేను పచ్చళ్లు పంపడం మొదలుపెట్టిన కొత్తలో ఈ పని చేయక, ఒక పెళ్లివారికి పంపిన 24 సీసాల్లో 9 పోగొట్టుకున్నాను. ఆ పెట్టెల్లో పక్కల మెత్త 6 సెంటీమీటర్లు ఉండేది, అడుగున ఒక్క పొర అట్ట. విరిగిన తొమ్మిదీ అడుగు దగ్గరే విరిగాయి. ఒక్క పెట్టెను ఒక్కసారి నేల మీద వదిలి ఉంటే ఇంట్లోనే తెలిసేది.

ఇక ప్లాస్టిక్ సంగతి. మీవారు చెప్పేది తీసిపారేయదగ్గది కాదు. తినే సరుకు కోసం పెట్ అనే రకం ప్లాస్టిక్‌తో చేసిన డబ్బా పగలదు. బరువు గాజులో చిన్న భాగమే. దాని మూతి మీద వేడితో అతికే రేకు సీలు వేస్తే కారడం దాదాపు ఉండదు, ఆ సీలు వేసే చేతి మిషన్లు కూడా దొరుకుతాయి. నష్టాలూ ఉన్నాయి. పెట్ డబ్బా 70 డిగ్రీలు దాటిన వేడికి మెత్తబడి మూతి వంకరపోతుంది, కాబట్టి వేడి వేడి ఇంగువ పోపు కలిపిన పచ్చడిని పూర్తిగా చల్లారాకే పోయాలి. నొక్కితే సొట్టపడుతుంది, ఎర్ర నూనె మరక వదలదు, చూసేవారికి చౌకగా కనిపిస్తుంది. మీ అత్తయ్యగారి భయం చాలావరకు ఈ చివరి మాటలోనే ఉంది, అది ఊహ కాదు. గాజు సీసా చూసి ధర ఇచ్చే కొనుగోలుదారులు నిజంగానే ఉన్నారు.

మూడో దారి మందపాటి పొరల పౌచ్. పెట్టె చిన్నది, కొరియర్ తక్కువ, పగిలే మాటే లేదు. గోంగూరకూ పండుమిర్చికీ ఇది చక్కగా నప్పుతుంది. ఆవకాయకు మాత్రం జాగ్రత్త పడండి. టెంకతో కొట్టిన ముక్క అంచు కత్తిలా ఉంటుంది. గాలి పూర్తిగా లాగేసి సీలు వేస్తే పౌచ్ ఆ అంచు మీదికి బిగుసుకుని, దారిలో రాపిడికి సూదిమొనంత రంధ్రం పడుతుంది. ఆవకాయను పౌచ్‌లో పంపాలంటే కొంచెం గాలి లోపలే ఉండనిచ్చి, రెండు పౌచ్‌లు ఒకదానిలో ఒకటి వేసి, అటు ఇటు అట్ట పెట్టాలి. ఇంటికి చేరగానే జాడీలోకో సీసాలోకో మార్చుకోమని ఒక చీటీ కూడా వేయండి.

నాకు మీ ఇంటికి నప్పుతుందనిపించేది ఒకటుంది, నిర్ణయం మాత్రం మీదే. గాజు సీసాలను నాలుగేసి ఆర్డర్లకే ఉంచి, ఒకటీ రెండూ అడిగేవారికి పౌచ్ ఇవ్వండి. అలా చేస్తే అత్తయ్యగారి సీసా నిలుస్తుంది, మీవారి లెక్కా నిలుస్తుంది. దీనివల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఒకే పచ్చడిని రెండు రకాల ప్యాకింగుల్లో, రెండు ధరల్లో పెట్టాలి, రెండు రకాల సామాను నిల్వ ఉంచుకోవాలి. ఒకటే సీసా కావాలనే పాత కొనుగోలుదారులు కొందరు వెళ్లిపోవచ్చు. అది ఇష్టం లేకపోతే రెండు సీసాల పెట్టెకు పెరిగే కొరియర్‌ను ధరలో కలిపి అందరికీ గాజే పంపండి, కాకపోతే ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి. పూర్తిగా ప్లాస్టిక్‌కు మారితే నష్టాలు వెంటనే ఆగుతాయి, కానీ ఇప్పుడున్న ధర నిలబెట్టుకోవడం కష్టం కావచ్చు.

కొరియర్ ఆఫీసుతో వాదన పెట్టుకోవద్దు. గాజుకూ నూనె సరుకుకూ పరిహారం లేదన్న షరతు చాలా సంస్థల నిబంధనల్లో ఉంటుంది, రసీదు వెనక చదివితే కనిపిస్తుంది. లోపల పచ్చడి సీసాలని దాచకుండానే బుక్ చేయండి. పెట్టె మూసే ముందు ఒక ఫొటో, తూకం యంత్రం మీద ఒక ఫొటో తీసి ఉంచుకోండి. చిరునామా చీటీ ఇంకొకటి పెట్టె లోపల కూడా వేయండి, పక్క పార్శిలు నూనె పడి బయటి చీటీ చెరిగిపోయినా పెట్టె దారి తప్పదు.

ఈ వారం పంపాల్సినవి ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు. ఉన్నవాటిని ఆపనక్కరలేదు. పెట్టెలు వచ్చేలోపు ఉన్న పెట్టెల్లోనే గట్టివి ఏరి, ఒక్కోదానిలో రెండు సీసాలకు బదులు ఒకటే పెట్టి, అడుగున నాలుగు పొరల కారుగేటెడ్ అట్ట వేసి పంపండి. అందుకున్నవారిని విప్పేటప్పుడు పెట్టె మూలలవీ సీసా అడుగువీ రెండు ఫొటోలు తీసి పంపమని అడగండి. క్షేమంగా చేరిన వాటివి కూడా అడగండి, ఎందుకంటే ఏ వైపు అట్ట నలిగి ఉందో వాటిలోనే కనిపిస్తుంది.